చుక్క బదులు బిందువు

మా కాలేజీలో తెలుగు ఒక్క పనికే వాడతాం, తిట్టడానికి. పాఠం ఇంగ్లీషు, రికార్డు ఇంగ్లీషు, వైవా ఇంగ్లీషు. "ఏరా, కళ్ళు నెత్తికెక్కాయా? పిపెట్ పట్టుకునేది అలాగేనా?" అన్నది మాత్రం అచ్చ తెలుగు. అందులో నాదే పెద్ద గొంతు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లోనూ అంటారు, స్టాఫ్ రూంలోనూ అంటారు. కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వైపు వెళ్తుంటే ఓ సందులో ఉంటుంది మా డిగ్రీ కాలేజీ. కింద జిరాక్స్ షాపులు, పైన కోచింగ్ బోర్డులు, ఆ పైన మేము. కెమిస్ట్రీ ల్యాబ్ మూడో అంతస్తు. కిటికీ తీస్తే మెట్రో రైలు చప్పుడు, మూస్తే ఆమ్లం వాసన. ఏది కావాలో తేల్చుకోలేక సగం తెరిచి పెడతాం.

ఓ రోజు మా హెడ్ సార్ ప్రాక్టికల్ మాన్యువల్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. ఆయనది ఈ ఊరే, పుట్టి పెరిగిందంతా హైదరాబాదే. పెద్దాయన, మంచాయన, కానీ పని అప్పజెప్పేటప్పుడు మాత్రం ముందు చాయ్ తాగిస్తారు. చాయ్ రాగానే నాకు అర్థమైపోయింది.

"తెలుగు మీడియం పిల్లలు మస్తు పరేషాన్ అయితున్నరమ్మా. ఒక్క టైట్రేషన్ ప్రయోగం తెలుగులో రాసియ్యి. మంచిగుంటే మిగిలినయి సుత చేద్దాం."

"నేనెందుకు సార్? తెలుగు డిపార్ట్‌మెంట్ ఉందిగా?"

"వాళ్ళకు బ్యూరెట్ తెల్వదు. నీకు తిట్టుడు తెలుసు, బ్యూరెట్ తెలుసు. ఇంకేం కావాలె?"

నవ్వొచ్చింది, ఒప్పుకున్నాను. ఒక ప్రయోగం ఎంతసేపని అనుకున్నా. అబ్బే! రాయడం మొదలుపెట్టాక తెలిసింది, ఇన్నేళ్ళుగా నేను కెమిస్ట్రీ చెప్తున్న భాష నాది కాదని.

టైట్రేషన్‌ని పాత పాఠ్యపుస్తకాల్లో అంశమాపనం అన్నారు. నిఘంటువులో చూసి యూసుఫ్‌గూడలో ఇంట్లో పైకి చదివితే మా ఆయన పేపరు దించి, "ఏంటది, అంగన్వాడీ స్కీమా?" అన్నారు. కొట్టేశాను. టైట్రేషన్ అనే రాశాను. కానికల్ ఫ్లాస్క్‌కి శాంకవ కుప్పె ఉంది, వినడానికి ముద్దుగానే ఉంది, కానీ పిల్లలు దాన్ని ఎప్పుడూ ఆ పేరుతో అడగరు. కుప్పె అని మాత్రం ఉంచాను. ఇండికేటర్‌కి సూచిక బాగుంది. రంగు మారి సంగతి చెప్పేది సూచికే కదా.

స్టాండర్డ్ సొల్యూషన్ అంటే ప్రమాణ ద్రావణం. అది క్లాసులో చదివి చూపిస్తే వెనక బెంచీ నుంచి ఒకడు, "ఏం ప్రమాణం చేస్తది మేడమ్? భగవద్గీత మీదనా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. తిట్టబోయి ఆగాను. ఎందుకంటే వాడు అడిగింది తప్పు కాదు. "లీటరు నీళ్ళలో నేను ఇంతే ఉన్నాను, ఎక్కువా లేను, తక్కువా లేనని ప్రమాణం చేస్తుంది. ఆ మాట నమ్మే పక్కనున్న ద్రావణం గాఢత లెక్కేస్తాం. ఇది అబద్ధమాడితే లెక్కంతా గంగలో కలిసినట్టే" అన్నాను. చెప్పొద్దూ, ఇంగ్లీషులో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నా మీద నాకే ముచ్చటేసింది.

ఇక ఎండ్ పాయింట్. గాఢత తెలియని ఆమ్లాన్ని కుప్పెలో తీసుకుంటాం, అందులో ఫినాఫ్తలీన్ అనే సూచిక రెండు చుక్కలు వేస్తాం. పైన బ్యూరెట్‌లో, అంటే గీతలున్న పొడుగాటి గాజు గొట్టంలో, గాఢత తెలిసిన క్షారం ఉంటుంది. మర తిప్పి దాన్ని కొద్దికొద్దిగా వదులుతుంటే ఒకచోట కుప్పెలో నీళ్ళలాంటి ద్రావణం లేత గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆ రంగు అర నిమిషం నిలిచిందంటే అక్కడ ఆపేయాలి. అదే ఎండ్ పాయింట్. దానికి పుస్తకాల్లో ఉన్న మాట, అంతిమ బిందువు. పాయింట్ అంటే బిందువే కదా, లెక్కల్లోనూ అదే వాడతాం. హుందాగా ఉంది. రాసుకున్నాను.

"అంతిమ బిందువు వచ్చేవరకు బ్యూరెట్ నుంచి క్షారాన్ని చుక్క చుక్కగా కలపండి. రంగులో మార్పు గమనించండి." ఇదీ నా వాక్యం.

హెడ్ సార్ కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. అంశమాపనం తీసేసినందుకు కొంచెం గునిశారు గానీ వదిలేశారు. ఈ వాక్యం దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది.

"చుక్క వద్దమ్మా."

"ఎందుకు సార్? చుక్కకేమైంది?"

"గీ పోరగాండ్ల సంగతి నీకు తెల్వదా? చుక్క చుక్కగా అని సదవంగనే మందు యాదికొస్తది వాళ్ళకు. సాయంత్రం చుక్కేసుకుందామా సార్ అని నన్నే అడుగుతరు. ల్యాబ్ పరువు పోతది."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మా పిల్లలు దేన్నైనా చుక్క మీదికి తేగలరు. అయినా కాసేపు వాదించాను. నా మాటను ఇంకొకళ్ళు కొట్టేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చివరికి ఆయన ఎర్ర సిరాతో చుక్క కొట్టేసి బిందువు పెట్టారు. కలపండి తీసేసి కలపవలెను అన్నారు. "అచ్చులకు పోతది కదమ్మా, జర గౌరవంగుండాలె."

అలా తయారైంది వాక్యం: "అంతిమ బిందువు వచ్చేవరకు బ్యూరెట్ నుండి క్షారమును బిందువు బిందువుగా కలపవలెను. రంగులో మార్పును గమనించవలెను." ఇద్దరం చదివాం. ఇద్దరికీ కెమిస్ట్రీ వచ్చు కాబట్టి ఇద్దరికీ బ్రహ్మాండంగా అర్థమైంది. కింద షాపులో టైపు చేయించి, కాపీలు తీయించి పంచాం.

కాపీ అందుకున్న వాళ్ళలో ఒకమ్మాయి ఉంది. బోరబండ నుంచి వస్తుంది. వాళ్ళ నాన్న సెంట్రింగ్ పని చేస్తాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మా ల్యాబులో బ్యూరెట్‌లు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఒక్కో దాని చుట్టూ నలుగురైదుగురు మూగుతారు. ఇంగ్లీషు బాగా వచ్చిన వాడు మర తిప్పుతాడు, ఇంకొకరు రీడింగు చదువుతారు, మిగతావాళ్ళు రాసుకుంటారు. ఈ పిల్ల గాజు సామాను కడిగేది. ఎవరూ కడగమనలేదు, తనే కడిగేది. అద్దంలా కడిగేది. పలకరిస్తే తల ఊపేది తప్ప నోరు విప్పేది కాదు.

ఆ కాపీ ఇచ్చిన మర్నాడు మెట్లమీద నన్ను ఆపింది. మొదటిసారి తనంతట తను మాట్లాడింది.

"మేడమ్, మొత్తం సదివిన. మొత్తం సమజైంది మేడమ్."

"అయితే ఈసారి కడగడం మానేసి మర తిప్పు" అన్నాను.

నవ్వింది. అంతలోనే మొహం ముడుచుకుంది. "ప్రాక్టికల్స్ పోతే మా బాపు సదువు బంద్ పెడ్తడు మేడమ్. అమీర్‌పేటల బట్టల షాపు వాళ్ళతోని మాట్లాడి సుత వచ్చిండు. పోయినసారి ఫిజిక్స్ పోయింది కదా. గిది సుత పోతే ఇగ ఐపోయినట్టే."

"పోదు. నేనుండగా ఎలా పోతుందే?" అన్నాను. నోటికొచ్చిన ధైర్యం చెప్పేయడం నాకలవాటు. కానీ ఆ పూట నిజంగానే అనుకున్నాను, ఈ పిల్లకోసమే రాశాను ఇది అని. గర్వంగా ఉండింది.

పరీక్షకి ముందు ఇంక ల్యాబ్ క్లాసు పడలేదు. ప్రాక్టికల్ పరీక్ష రోజు ఎవరి బ్యూరెట్ వాళ్ళదే. పిల్లల్ని బ్యాచిలుగా పంపుతాం. వేరే కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చారు. ఇస్త్రీ నలగని కాటన్ చీర, నవ్వుకి నలగని మొహం. నేను తలుపు దగ్గర కూర్చున్నాను. సొంత కాలేజీ వాళ్ళం బల్లల దగ్గర తచ్చాడకూడదు కదా. తచ్చాడితే చెప్పేస్తామని.

కాసేపటికి మా ల్యాబ్ అటెండరు గొణుక్కుంటూ పోయాడు. "గా పిల్ల మళ్ళ క్షారం అడుగుతున్నది. తాగుతున్నదా ఏంది?" నేను పట్టించుకోలేదు. ఒలకబోసి ఉంటుందనుకున్నా.

ఆ తర్వాత ఎగ్జామినర్ గొంతు వినిపించింది. పెద్దగా కాదు, అదే భయం. "మేడమ్, ఒకసారి ఇలా వస్తారా?"

వెళ్ళాను. హెడ్ సార్ కూడా వచ్చారు. ఆ అమ్మాయి పేపరు బల్ల మీద ఉంది. గుండ్రటి తెలుగు అక్షరాల్లో విధానం, కింద ఎన్ని మిల్లీలీటర్ల క్షారం పట్టిందో రీడింగుల పట్టిక. మొదటిసారి యాభై. రెండోసారి యాభై. మూడోసారి యాభై.

"మూడు సార్లూ యాభై పాయింట్ సున్నా! దశాంశం కూడా తేడా లేదు" అన్నారావిడ. "ఇరవై లోపు రావలసిన రీడింగు ఇది. ప్రయోగం చేయకుండా అంకెలు వేసేసింది. ఇది మాల్‌ప్రాక్టీసు కింద రాస్తున్నాను."

ఆ మాట వినగానే ఆ పిల్ల మొహంలో రక్తం లేదు. సున్నా వేస్తే సప్లిమెంటరీ ఉంటుంది. మాల్‌ప్రాక్టీసంటే ఆ సంవత్సరం పోయినట్టే. నా కళ్ళముందు బట్టల షాపు కనిపించింది.

ముందు నాకు వచ్చింది కోపమే, దాచుకోవడం ఎందుకు. "ఏంటే ఇది? ఇలాగేనా చేసేది?" అన్నాను.

"చేసిన మేడమ్" అంది, వినపడీ వినపడకుండా. "మూడు మాట్ల చేసిన. నిజంగ చేసిన."

"చేస్తే యాభై ఎలా వస్తుంది?"

"గీతలు యాభై దగ్గర్నే ఐపోయినయి మేడమ్. కింద ఇంకా ఉండె గానీ గీతల్లెవ్వు. అందుకే యాభై రాసిన."

ఎగ్జామినరూ నేనూ మొహాలు చూసుకున్నాం. ఎవరికీ ఏం అర్థం కాలేదు. అప్పుడు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ తెలివి, "మేడమ్, రాసేముందు ఒక్కసారి మన ముందు చేయించి చూద్దాం" అన్నాను. ఆవిడ గడియారం చూసుకుని సరేనన్నారు.

పిల్ల మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. బ్యూరెట్‌ని ముందు నీళ్ళతో, తర్వాత అందులో పోయబోయే క్షారంతోనే కడిగింది. కుప్పెని మాత్రం వట్టి నీళ్ళతోనే కడిగింది. చాలామంది ఆమ్లంతో కడిగి లెక్క చెడగొట్టుకుంటారక్కడ. పిపెట్‌తో ఆమ్లం తీసి కుప్పె గోడకి ఆనించి వదిలింది. కొసన మిగిలినదాన్ని ఊదలేదు. సూచిక రెండు చుక్కలు వేసింది. కళ్ళు గీత ఎత్తుకి వంచి సున్నా చూసుకుంది. ఎగ్జామినర్ తల కొంచెం ఊపారు, నేను చూశాను.

మర తిప్పింది. ఎడమచేత్తో మర, కుడిచేత్తో కుప్పె తిప్పుతూ, ఒక్కొక్కటిగా వదులుతోంది. గులాబీ రంగు మెరిసింది, తిప్పగానే పోయింది. మళ్ళీ మెరిసింది, కొంచెం ఆలస్యంగా పోయింది. ఇంకాసేపటికి వచ్చిన రంగు పోలేదు. లేతగా, తెల్లటి పలక మీద అందంగా నిలబడింది.

ఆపు తల్లీ, అనుకున్నాను లోపల. ఆపలేదు. ఆ రంగు వంక చూసి, మర అలాగే తిప్పి ఉంచింది. లేత గులాబీ కాస్తా బీట్‌రూట్ నీళ్ళయింది. బ్యూరెట్ ఖాళీ అవుతూనే ఉంది.

"ఆపమ్మా! రంగు వచ్చి ఎంతసేపైంది?" అన్నారు ఎగ్జామినర్ ఉండబట్టలేక.

ఆ పిల్ల బెదిరిపోయి మా మొహాలు చూసింది. "ఇంకా అంతిమ బిందువు రాలే మేడమ్" అంది, పైనున్న గొట్టం చూపించి. "ఇంకా శాన ఉన్నది."

అప్పుడు తట్టింది నాకు. బిందువు బిందువుగా కలపవలెను. అంతిమ బిందువు వచ్చేవరకు. చిట్టచివరి చుక్క పడేదాకా! తెలుగు వచ్చిన ఏ మనిషైనా అలాగే చదువుతాడు. ఒకే వాక్యంలో రెండుసార్లు బిందువు పెట్టి, ఒకటి డ్రాప్ అనీ ఇంకొకటి పాయింట్ అనీ ఎవడు కనిపెడతాడు? ఇంగ్లీషులో ముందే తెలిసినవాడు. రంగులో మార్పు గమనించమన్నాం. గమనించింది. అక్కడ ఆపమని ఎక్కడా రాయలేదు. అంతిమ బిందువు అన్న మాటే ఆపమని చెప్పేస్తుందనుకున్నాం.

హెడ్ సార్ పేపరు తీసుకుని ఆ వాక్యం పైకి చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళద్దాలు తీశారు. "అరె... నేనే కొట్టేసిన గదమ్మా చుక్కను" అన్నారు.

"అంతిమ బిందువు నేను పెట్టాను సార్" అన్నాను. విడిగా రెండూ మంచి మాటలే. కలిసి ఆ పిల్ల కొంప ముంచాయి.

ఎగ్జామినర్‌కి విడమరిచి చెప్పాం. ఆవిడ ఆ వాక్యం మరోసారి చదువుకున్నారు. తర్వాత మాల్‌ప్రాక్టీసు కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. "అంకెలు వేసేయలేదని ఒప్పుకుంటాను. కానీ రీడింగు తప్పు తప్పే. ఇప్పుడు ఎక్కడ ఆపాలో మీరు చెప్తే పరీక్ష మీరు రాసినట్టు."

"గా పిల్లకు చెప్తలేను మేడమ్" అన్నారు హెడ్ సార్ వెంటనే. "ప్రశ్నపత్రంల అచ్చుతప్పుంటే హాలు మొత్తానికి చెప్తం కదా? గిది సుత గంతే. మా కాగితం తప్పు." ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నా చేతికి చాక్‌పీసు ఇచ్చారు. "రాయమ్మా. నువ్వు మొదలు రాసినట్టే రాయి."

బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. "కుప్పె తిప్పుతూ చుక్క చుక్కగా కలపండి. లేత గులాబీ రంగు వచ్చి అర నిమిషం పోకుండా నిలిస్తే, అక్కడే ఆపండి. బ్యూరెట్‌లో ఇంకా ఎంత మిగిలినా సరే."

చుక్క దగ్గర వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వుకోండ్రా నాయనా, అనుకున్నాను. ఆ బ్యాచిలో ఇంకో ఇద్దరు తెలుగు మీడియం పిల్లలున్నారు. వాళ్ళ రీడింగులు సరిగ్గానే ఉన్నాయి. మీరెలా ఆపార్రా అని ఎగ్జామినర్ అడిగితే, పక్కవాళ్ళది చూసి ఆపామన్నారు. మేమిచ్చిన కాగితం ఇద్దరూ తెరవనేలేదు.

ఆ అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. దగ్గరుంటే నా మొహమే చెప్పేస్తుంది, నాకు దాచుకోవడం రాదు. దూరం నుంచి ఆ చేయి మాత్రం చూశాను. మర మీద వేళ్ళు బిగిశాయి. రంగు వచ్చింది, పోయింది. వచ్చింది, పోయింది. ఇంకొక్కటి వదిలి కుప్పె తిప్పింది. అలా చూస్తూ ఉంది. తల ఎత్తి నా కోసం వెతికింది. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. మర తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఇక్కడ ఆపుతున్న మేడమ్" అంది, ఎగ్జామినర్‌తో, అందరికీ వినపడేట్టు.

రెండోసారీ మూడోసారీ రీడింగు అక్కడే వచ్చింది. లెక్క వేసింది. ఎగ్జామినర్ తన దగ్గరున్న విలువతో పోల్చి చూసి, ఏమీ అనకుండా ఎర్ర పెన్నుతో టిక్ కొట్టి మార్కులు వేశారు. పాసు, మామూలు పాసు కూడా కాదు. లేచి వెళ్తూ ఆ పిల్ల భుజం మీద చేయి వేశారు. ఆవిడ చీర కొంగుకి కొంచెం గులాబీ మరక అంటింది, చూసుకోలేదు.

అందరూ వెళ్ళాక ఆ అమ్మాయి బ్యూరెట్ కడుగుతోంది. నేను పక్కనే వెళ్ళి నిలబడ్డాను. తిట్టడం వచ్చినంత బాగా ఇంకేదీ రాదు నాకు. మాటలు వెతుక్కుని, "రంగు అంత చక్కగా నిలబడింది కదే. మొదటిసారే అనుమానం రాలేదా?" అన్నాను.

"వచ్చింది మేడమ్" అంది, చేతులు ఆపకుండానే. "రంగు నిలవడంగనే ఆపుదామనుకున్న. మూడు మాట్ల సుత అనిపించింది. ఐతే నా కోసమని తెలుగుల మీరు రాసిండ్రు కదా మేడమ్. అందుకే ఆపలే."